టెక్ సందేహాలు: ‘అది ముందే పగిలి ఉంది’ అంటే ఏం చేయాలి?

ప్రశ్న: అమలాపురంలో మా ఫ్లాట్‌ను రోజువారీ అద్దెకు ఇస్తున్నాం. సంక్రాంతికి దిగినవాళ్లు వెళ్లాక చూస్తే ఇండక్షన్ స్టవ్ గాజు పగిలి ఉంది. అడిగితే ‘మేం వచ్చేసరికే అలా ఉంది’ అన్నారు. రూల్స్ మెసేజ్ వాట్సాప్‌లో పంపాను, బ్లూ టిక్‌లు కూడా పడ్డాయి. అయినా పైసా రాలేదు. దీనికేదైనా మంచి యాప్ ఉంటే చెప్పండి.
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కొత్త యాప్ అక్కర్లేదండి, వాట్సాప్ బిజినెస్ చాలు. బ్లూ టిక్ పడితే అవతలివాళ్లు చాట్ తెరిచారని మాత్రమే అర్థం, మీ షరతులకు ఒప్పుకున్నారని కాదు. పైగా చెత్తబుట్ట, గేటు తాళం, డ్యామేజ్, వైఫై అన్నీ ఒకే మెసేజ్‌లో కుక్కితే జనం అందులో వెతికేది వైఫై పాస్‌వర్డే. కాబట్టి దాన్ని రెండుగా విడగొట్టండి. డబ్బు సంగతి అడ్వాన్సు తీసుకోకముందే వెళ్లాలి. ఇంటి పద్ధతులు దిగే రోజు పొద్దున పంపితే సరిపోతుంది.

మొదటిది ఇలా ఉండొచ్చు: “నమస్తే అండి. డిపాజిట్ రూ. 3,000. మీరు ఖాళీ చేసిన మర్నాడు సాయంత్రంలోగా తిరిగి పంపిస్తాం. ఏదైనా పగిలినా, కాలినా రిపేరుకు అయినంతే మినహాయించి బిల్లు ఫొటో పంపిస్తాం. మామూలు అరుగుదలకు ఏమీ తీసుకోం. సమ్మతమైతే ‘ఒప్పుకుంటున్నాం’ అని రాయండి, ఆ తర్వాతే అడ్వాన్సు పంపండి.”

‘ఏది పగిలినా రూ. 10,000 జరిమానా’ అని మాత్రం రాయకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. న్యాయంగా ఎంత పరిహారం రావాలో అంతే వస్తుంది. మంచి గెస్టులు కూడా ఆ వాక్యం చూసి వేరే ఫ్లాట్ వెతుక్కుంటారు.

రెండో మెసేజ్ నాలుగైదు వాక్యాలు దాటనివ్వకండి. ఎంతమంది ఉండొచ్చో అంకె వేసి రాయండి. పందేలకని నలుగురమని చెప్పి తొమ్మిదిమంది దిగడం మీకు కొత్త కాదు కదా. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైట్లు, ఫ్యాన్లే నడుస్తాయని చెప్పండి. గోదావరి జిల్లాకొచ్చిన వాళ్లను చేపల కూర వండొద్దంటే వినరు. అందుకే పొలుసు, రొయ్యల పొట్టు సింకులో కాకుండా ఏ డబ్బాలో వేయాలో రాయండి.

ఈ రెండింటినీ వాట్సాప్ బిజినెస్‌లోని Business tools లోకి వెళ్లి Quick replies కింద `/damage`, `/rules` అనే పేర్లతో దాచుకోండి. చాట్‌లో `/` కొట్టగానే అవి కనిపిస్తాయి. Greeting message మీద మాత్రం ఆధారపడొద్దు. అది కొత్తగా రాసినవాళ్లకు, లేదా 14 రోజులు మాటల్లేక మళ్లీ రాసినవాళ్లకే వెళ్తుంది. రేటు అడిగి ఊరుకున్నవాళ్లకు చేరుతుంది, గదిలో దిగేవాళ్లకు ఆ రోజు చేరకపోవచ్చు.

ఇక అసలు సమస్య, ‘ముందే పగిలింది’ అన్న మాట. గ్యాలరీలో ఉన్న ఫొటో ఇక్కడ పెద్దగా పనికిరాదు. దాని తేదీని మార్చడం కష్టం కాదని అవతలివాళ్లకూ తెలుసు. అందుకే తాళాలు ఇచ్చే ముందు ఒక చిన్న వీడియో తీసి అదే చాట్‌లో వాళ్లకే పంపండి. అప్పుడు ఆ సమయంతో సహా వాళ్ల ఫోన్లోనూ అది ఉంటుంది. స్టవ్ గాజు మీద లైటు ఏటవాలుగా పడేలా పట్టుకోండి, లేకపోతే సన్నని పగులు కనిపించదు. ఏసీ, గీజర్, టీవీ వేసి చూపించండి. కింద “ఇందులో లేని లోపం ఏదైనా కనిపిస్తే రెండు గంటల్లో ఫొటో పంపండి” అని రాయండి. ఖాళీ చేసేటప్పుడు వాళ్లు ఉండగానే అదే వరుసలో మరో వీడియో తీయండి.

ఇదంతా చేసే ముందు ఆ చాట్‌లో Disappearing messages ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆన్‌లో ఉంటే 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో మొత్తం మాయమవుతుంది. వాళ్లు పెట్టిన ‘ఒప్పుకుంటున్నాం’ను వాళ్లే తర్వాత డిలీట్ చేసే వీలుంది కాబట్టి, వచ్చిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

లెక్క ఎలా చెప్పాలో మీ స్టవ్‌తోనే చూద్దాం. గాజు మార్చడానికి మెకానిక్ రూ. 1,800 తీసుకున్నాడనుకోండి. రెండు వీడియోల్లోంచి స్టవ్ కనిపించే చోట స్క్రీన్‌షాట్లు, బిల్లు ఫొటో, మిగిలిన రూ. 1,200 యూపీఐ రసీదు, ఈ నాలుగూ ఒకేసారి పంపండి. మూడేళ్ల పాత స్టవ్‌కు కొత్తదాని ధర అడిగితే అక్కడే గొడవ మొదలవుతుంది.

ఎయిర్‌బీఎన్‌బీ ద్వారా వచ్చినవాళ్లయితే దారి వేరు. విడిగా యూపీఐలో డిపాజిట్ తీసుకోవడానికి వాళ్ల నిబంధనలు ఒప్పుకోవు. మాటలు, ఫొటోలు ఆ యాప్ చాట్‌లోనే నడపండి. ఖాళీ చేసిన 14 రోజుల్లోగా అందులోనే పరిహారం అడగాలి. ఫ్లాట్ లోపల కెమెరా పెడదామనే ఆలోచన ఉంటే మానుకోండి. 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపలి కెమెరాలను వాళ్లు పూర్తిగా నిషేధించారు.

సంక్రాంతి నాటి డబ్బు ఇక రాదనే అనుకోండి. ఆ స్టవ్‌ను మాత్రం అలాగే వదిలేయకండి. పగుల్లోంచి నీళ్లు దిగితే షాక్ కొట్టే ప్రమాదం ఉంది, గాజు మార్చేదాకా ప్లగ్ తీసి పక్కన పెట్టండి.