ట్యూనింగ్ మార్చినా ఊగిసలాట ఆగని ఫ్లో లూప్

“అన్నా, మణలిలో మా ప్లాంట్‌లో ఒక ఫ్లో లూప్ ఆగకుండా ఊగుతోంది. గెయిన్ తగ్గిస్తే పీరియడ్ పెరిగిందే తప్ప ఊగడం ఆగలేదు. తప్పు ట్యూనింగ్‌దా, వాల్వ్‌దా?”

తమ్ముడూ, నాకు వాల్వ్ మీదే అనుమానం. ముందు ట్రెండ్‌లో ఆకారాలు చూడు. సెట్‌పాయింట్ 60 అనుకుందాం. వాల్వ్ ఇరుక్కుని ఫ్లో 58 దగ్గరే నిలిచింది. ఎర్రర్ 2 అలాగే ఉంటుంది కాబట్టి ఇంటెగ్రల్ దాన్ని కూడగడుతూ అవుట్‌పుట్‌ను 42 నుంచి 44 శాతానికి తిన్నగా లాక్కెళ్తుంది. అక్కడ స్టెమ్ ఒక్కసారిగా జారి ఫ్లో 62కి దూకుతుంది. ఇప్పుడు ఎర్రర్ గుర్తు మారింది, అవుట్‌పుట్ కిందికి నడుస్తుంది, కథ మళ్లీ మొదలు. అంటే అవుట్‌పుట్ రంపపు పళ్లలా, ఫ్లో చదరంగా కనిపిస్తాయి. ట్యూనింగ్ తప్పయితే రెండూ నున్నటి సైన్ అలల్లా ఉంటాయి.

హిస్టోరియన్ కంప్రెషన్‌ను నమ్మకు, అది మూలల్ని చెరిపేస్తుంది. సెకనుకొక రీడింగ్ చొప్పున రా డేటా తీసుకో. లెవెల్ లూప్‌కి ఈ ఆకారాల గుర్తు పనికిరాదు. అక్కడ ట్యాంకే ఇంటెగ్రేట్ చేస్తుంది.

తర్వాత ఆపరేటర్‌కి చెప్పి మాన్యువల్‌లో పెట్టు. ఊగడం ఆగినంత మాత్రాన తప్పు వాల్వ్‌దని తేలదు, ట్యూనింగ్ తప్పయినా ఆగుతుంది. ఆగకపోతే మాత్రం కారణం లూప్ బయట ఉంది. ఒకే దిశలో అర శాతం చొప్పున అవుట్‌పుట్ పెంచు. మూడు నాలుగు స్టెప్పులకు ఫ్లో కదలక, ఆపై ఒక్కసారిగా దూకితే స్టిక్షనే, అంటే స్టెమ్ ఇరుక్కుని జారడమే. గ్లాండ్ ప్యాకింగ్ మరీ బిగించారేమో మెయింటెనెన్స్ వాళ్లని అడుగు. షట్‌డౌన్ దాకా ఆగాలంటే ఇంటెగ్రల్ టైమ్ పెంచు. ఊగడం పోదు కానీ వాల్వ్ అరుగుదల తగ్గుతుంది.