ఇరవయ్యో తారీఖుకే జీతం ఖాళీ

"అన్నయ్యా, చేతికి 32,000 వస్తోంది. ఇంటికి పంపాలి, దాచాలి, సరదాగా తిరగాలి. ఇరవయ్యో తారీఖుకే ఖాళీ. ఎలా పంచాలి?"

జీతం పడే ఖాతాకే యూపీఐ ఉంది కదా, చిల్లు అక్కడే. నాదీ అలాగే కారింది.

1. జీతం పడిన రోజే ఇంటికి, అంటే పిన్నికి, 6,000 పంపు.

2. నెలనెలా బ్యాంకులో దాచేలా 8,000కి ఆర్‌డీ పెట్టు. జీతం ఒకటిన పడితే కోత మూడున పెట్టుకో. జీతం ఒకరోజు ఆలస్యమైనా వాయిదా తప్పిపోదు.

3. అందరూ వదిలేసేది ఇదే: కనీస బ్యాలెన్స్ అక్కర్లేని రెండో ఖాతా తెరువు. మిగిలిన 18,000 అందులో వేసెయ్: హాస్టల్, తిండి, బస్సుకు 13,000, సరదాకి 5,000. యూపీఐ దానికే కలుపు, జీతం ఖాతా నుంచి తీసెయ్. ఇక బ్యాలెన్స్ చూస్తే ఎంత ఖర్చు పెట్టొచ్చో తెలిసిపోతుంది.

ఆర్‌డీ వచ్చే నెల మొదలుపెట్టినా ఫర్వాలేదు, ఈ నెల పిన్నికి చీర కొను.