సంక్రాంతికి అడుగు, ఉగాదికి కాడి: కొత్తగా రాస్తున్న అమ్మాయికి ఉత్తరం

గుంటూరు, బ్రాడీపేట
ఫిబ్రవరి 2026

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. "బాబాయిగారూ, పండగ పేర్ల అర్థాలు రాశాను, ఉగాది ప్రత్యేక సంచికకి పంపేద్దామా?" అని అడిగావు. ఇప్పుడే పంపకు. పన్నెండు పండగలు తీసుకుని ఒక్కోదానికి నాలుగు వాక్యాలు రాశావు. అందులో సంక్రాంతి, ఉగాది రెండూ ఉంచి మిగతా పదీ తీసెయ్. ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. అది నీ వ్యాసంలో ఎక్కడా కనపడలేదు.

ముందు సంక్రాంతి. "సం అంటే మంచి, క్రాంతి అంటే వెలుగు" అని రాశావు. వెలుగు 'కాంతి' అమ్మా, 'క్రాంతి' కాదు. ఆ ఒక్క రకారంతో ధాతువే మారిపోతుంది. ఇక్కడున్నది 'క్రమ్', అంటే అడుగు వేయడం. మూడడుగులు వేసిన వామనుడు త్రివిక్రముడు. హద్దు దాటి అడుగు వేస్తే అతిక్రమణ. పక్కవాడి స్థలంలో అడుగు పెడితే ఆక్రమణ, అది మన గుంటూరులో ఎవరికీ వివరించక్కర్లేదు. దానికి 'సం' చేరితే ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరడం. జబ్బు సంక్రమించింది అంటాం, తాతగారి ఆస్తి సంక్రమించింది అంటాం. సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశిలోకి సంక్రమిస్తే అది సంక్రాంతి. మాటలో పంటా లేదు, ముగ్గూ లేదు, గాలిపటమూ లేదు. అవన్నీ ఆ రోజుకి మనం తెచ్చి చేర్చుకున్నవి. పల్లెల్లో 'సంకురాత్రి' అంటారు కదా, అది విని అందులో రాత్రి వెతికేవాళ్ళు కూడా ఉన్నారు. నువ్వు ఆ దారి పట్టకు.

మాట అర్థం అడుగు అని తేలితే రెండు సంగతులు వాటంతట అవే తెలుస్తాయి. రాశులు పన్నెండు కాబట్టి ఏడాదికి సంక్రాంతులూ పన్నెండే. మనం పండగ చేసుకునేది మకర సంక్రాంతి ఒక్కటి. ధనుర్మాసం మొదలైనప్పుడు మీ అమ్మమ్మ "నెలగంట పెట్టారు" అనేది చూడు, అది ధనుస్సు సంక్రాంతి. రెండోది, సంక్రాంతి అసలు రోజు కాదు, క్షణం. నువ్వు గుంటూరు నుంచి తాడేపల్లి మీదుగా ప్రకాశం బ్యారేజీ దాటి బెజవాడ వెళతావు. అవతలి గట్టు మీద కాలు పెట్టే క్షణం ఒక్కటే ఉంటుంది. ప్రయాణం మొత్తానికీ ఆ పేరు పెట్టం. పంచాంగంలో సంక్రమణం గంటలు, నిమిషాలతో సహా వేసేది అందుకే.

"ఈమధ్య పండగ 14నా 15నా అని ప్రతిసారీ గొడవే" అని విసుక్కుంటూ ఒక వాక్యం రాశావు. విసుక్కోకుండా లెక్క చెప్పు. సూర్యుడు రాశిచక్రం చుట్టి మళ్ళీ అదే చోటికి రావడానికి 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు పడుతుంది. ఆకాశంలో కనిపించే స్థానాన్ని బట్టి కట్టే దృక్ లెక్క ప్రకారం 2024లో మకర ప్రవేశం జనవరి 15 తెల్లవారుజామున మూడింటి లోపు. 2025లో జనవరి 14 ఉదయం తొమ్మిది దాటాక. 2024 లీపు సంవత్సరం కావడంతో తేదీ ఒక రోజు వెనక్కి జరిగింది, గడియారం మాత్రం ఆరు గంటల చిల్లర ముందుకు జరిగింది. గడియారం మాత్రం ఏటా ఇలాగే జరుగుతుంది. గొడవ పంతుళ్ళది కాదు, ఆ ఆరు గంటల చిల్లరది.

ఇక్కడే నా పాత తప్పొకటి చెప్పాలి, ఎందుకంటే అదే తప్పు నీ రెండో పేజీలో ఉంది. "సంక్రాంతి నుంచి సూర్యుడు ఉత్తరానికి తిరుగుతాడు, పగలు పెరగడం మొదలవుతుంది" అని రాశావు. నేనూ ముప్ఫై ఏళ్ళ కిందట ఒక వారపత్రికలో అలాగే రాశాను. పక్షం తిరక్కుండా ఒక రిటైర్డు లెక్కల మాస్టారు పోస్టుకార్డు రాశారు: "అయ్యా, తమరు డాబా ఎక్కి సూర్యుడు ఏ ఇంటి వెనక నుంచి లేస్తున్నాడో డిసెంబరు మొదటి నుంచి గుర్తు పెట్టుకోండి." ఆ ఏడాది చలికి వణుకుతూ డాబా ఎక్కాను. డిసెంబరు 21 ప్రాంతానికి సూర్యోదయం దక్షిణం వైపు బాగా జరిగి ఆగింది. సంక్రాంతి వచ్చేసరికి అప్పటికే ఉత్తరం వైపు మళ్ళింది. పగలు కూడా మన అక్షాంశంలో సంక్రాంతి నాటికే ఐదారు నిమిషాలు పెరిగి ఉంటుంది. మరి జనానికి ఎందుకు తెలియదంటే, సంక్రాంతి నాటికి సూర్యోదయం ఇంకా రోజురోజుకీ ఆలస్యమవుతూనే ఉంటుంది. పెరిగేదంతా సాయంత్రం వైపే. పొద్దున లేచి భోగిమంట వేసేవాడికి చీకటే కనిపిస్తుంది మరి.

అయితే మన పెద్దవాళ్ళు తప్పు చెప్పారా? లేదు. ఒకప్పుడు ఆ రెండూ ఒకే రోజు. ఋతువులు నడిచే ఏడాది 365 రోజుల 5 గంటల 49 నిమిషాలు. నక్షత్రాల మీద కట్టిన ఏడాది దానికన్నా సుమారు 20 నిమిషాలు పెద్దది. ఆ 20 నిమిషాలు 72 ఏళ్ళకి ఒక రోజవుతాయి. ఇప్పుడు డిసెంబరు 21కీ జనవరి 14కీ మధ్య ఎడం 24 రోజులు. 72ని 24తో గుణిస్తే 1728. అంటే సుమారు 1,700 ఏళ్ళ కిందట మకర సంక్రాంతీ ఉత్తరాయణమూ కలిసి ఉండేవి. పేర్లు జంటగా మిగిలిపోయాయి, సూర్యుడు విడిపోయాడు. నమ్మకం కలగకపోతే వివేకానందుడి పుట్టినరోజు చూడు. ఆయన పుట్టింది 1863 జనవరి 12న, అది మకర సంక్రాంతి రోజు. నూట అరవై ఏళ్ళలో రెండు రోజులు జరిగింది కదా. ఈ పేరా నీ వ్యాసంలో ఉంటే, చదివినవాడు ఇంకోడికి చెబుతాడు.

ఇక ఉగాది. "ఉగ అంటే నక్షత్ర గమనం, దానికి ఆది ఉగాది" అని రాశావు. ఇది ఏటా పండగ ముందు కరపత్రాల్లో తిరిగే మాట. సంస్కృతంలో నక్షత్రానికి 'ఉడు' ఉంది, చంద్రుణ్ణి ఉడుపతి అనేది అందుకే. ఉగాదికి ప్రకృతి 'యుగాది'. తెలుగు నోట్లో మొదటి యకారం జారిపోయింది. కన్నడిగులు ఇప్పటికీ యుగాది అనే రాస్తారు. పక్క భాష గుమ్మంలో అసలు రూపం నిలబడి ఉండగా మనం ఆకాశంలో వెతకడం ఎందుకు? బ్రహ్మ సృష్టి మొదలుపెట్టిన రోజు అన్నావు, అది ఉంచు. కానీ అది పండగ కథ. మాట అర్థం వేరు. రెంటినీ ఒకే వాక్యంలో కలిపేయకు.

యుగం అనగానే నీకు కృత, త్రేత, ద్వాపర, కలి గుర్తొచ్చాయి. అంతకన్నా ముందు ఆ మాటకి మన పొలంలో అర్థం ఉంది. 'యుజ్' అంటే కలపడం, యుగం అంటే కాడి. రెండెద్దుల మెడ మీద వేసి జత చేసే కర్ర. యుగళం, యుగ్మం, యోగం అన్నీ ఆ ఇంటివే. మన పాత కాలగణన గ్రంథం వేదాంగ జ్యోతిషంలో యుగం ఐదేళ్ళు. ఎందుకు ఐదు? సూర్యుడి నెలలు అరవై అయ్యేసరికి చంద్రుడి నెలలు అరవై రెండు పూర్తవుతాయని వాళ్ళ లెక్క. అక్కడికి ఇద్దరూ మళ్ళీ ఒక కాడి కిందికి వస్తారు. ఆ యుగం మాఘంలో మొదలయ్యేది, చైత్రంలో కాదు. కాబట్టి మన ఉగాది ఆ ఐదేళ్ళకి మొదలని మాత్రం రాయకు. యుగం అనే మాట కాలానికి ఎలా అంటుకుందో చూపడానికే దాన్ని వాడుకో. మన వాడుకలో యుగాది ఏడాది మొదలుగా స్థిరపడింది.

ఆ మొదలు ఎప్పుడో చెప్పే మాట ఇంకొకటి ఉంది, నువ్వు దాన్ని అసలు తాకనే లేదు. అమావాస్య. 'అమా' అంటే కలిసి, 'వస్' అంటే ఉండటం. సూర్యుడూ చంద్రుడూ ఒకచోట కాపురముండే రోజు. చీకటి అన్న అర్థం ఆ మాటలో లేనే లేదు. ఆ కాపురం ముగిసి చంద్రుడు బయటికి అడుగుపెట్టాక వచ్చేది పాడ్యమి. అందులో చైత్ర శుద్ధ పాడ్యమి ఉగాది. వచ్చే నెల 19న మన పరాభవ ఉగాది చూడు, ఆ ఉదయం ఏడయ్యేలోపు అమావాస్య దాటిపోతుంది.

ఇప్పుడు రెండు మాటలూ పక్కపక్కన పెట్టు. సంక్రాంతి సూర్యుడి ఒంటరి అడుగు, అందుకే జనవరి నడుమ దాదాపు కదలకుండా ఉంటుంది. ఉగాదికి చంద్రుడు తోడున్నాడు. పన్నెండు చాంద్రమాసాలు 354 రోజులే, ఏటా పదకొండు రోజులు తక్కువ. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, ఈ ఏడు మార్చి 19న. ఇలాగే వదిలేస్తే ఇంకో ఆరేళ్ళకి ఉగాది వచ్చి భోగిమంటల్లో పడుతుంది. అప్పుడు వేపపువ్వు ఎక్కడ తెస్తాం, మామిడికాయ ఎక్కడ తెస్తాం?

అలా పడకుండా ఆపేది సంక్రాంతే. మకర సంక్రాంతి కాదు, మనం పట్టించుకోని మిగతా సంక్రాంతులు. ప్రతి చాంద్రమాసంలోనూ సూర్యుడు ఒక రాశి దాటాలి. ఏ నెలలో దాటడో అది అధికమాసం. ఈ ఏడు మే 15న వృషభ సంక్రాంతి అయిపోతుంది. మే 16 అర్ధరాత్రి దాటాక అమావాస్య ముగిసి కొత్త నెల మొదలవుతుంది. ఆ నెల జూన్ 15 ఉదయం ముగుస్తుంది. మిథున సంక్రాంతి వచ్చేది అదే రోజు, కానీ నెల ముగిసిన కొన్ని గంటల తర్వాత. అంటే నెల మొత్తంలో ఒక్క సంక్రాంతీ లేదు. దానికి సొంత పేరు దక్కదు, అధిక జ్యేష్ఠం అంటారు. ఆ అదనపు నెల వల్లే 2027 ఉగాది మార్చి 9కి జారిపోకుండా ఏప్రిల్ 7న నిలబడుతుంది.

నీ వ్యాసం ఈ అధిక జ్యేష్ఠంతోనే మొదలుపెట్టు. చదివేవాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళి ముహూర్తాలు ఆగేది ఆ నెలలోనే, వాళ్ళే ఆసక్తిగా చదువుతారు. భోగి, కనుమ గురించి రాసిన పేరాలు ఇప్పటికి పక్కన పెట్టు. కనుమకీ తూర్పు కనుమలకీ ముడి వేశావు. మాట ఒకేలా వినపడింది తప్ప నీ చేతిలో ఇంకో ఆధారం లేదు.

పరాభవ పంచాంగాలు అప్పుడే కొట్లలోకి వచ్చాయి. ఒకటి కొని, పన్నెండు సంక్రమణాలకీ ఎర్రసిరాతో, అమావాస్యలకి నల్లసిరాతో గీతలు పెట్టు. మే, జూన్ పేజీల్లో రెండు నల్లగీతల మధ్య ఎర్రగీత రాకపోవడం నీ కళ్ళతో చూశాక తిరగరాయి. ఆదివారం బస్సెక్కి రా, పంచాంగం కూడా వెంట తెచ్చుకో. పిన్ని నీ కోసం అరిసెలు దాచిపెట్టింది. సంక్రాంతివి, కాస్త గట్టిపడ్డాయి.

ఇట్లు
బాబాయి