కూలుతున్న ఇల్లా, కూలుస్తున్న ఇల్లా?

సందేహం: మాది చెన్నై. మైలాపూరులో పడగొడుతున్న పాత ఇంట్లో ఒక కుర్రాడికి వింత ఇత్తడి వస్తువు దొరుకుతుంది, అదీ నేను రాస్తున్న కథ. ‘కూల్చబడుతున్న ఇంటిలో ఒక యువకుడు ఒక వింత ఇత్తడి వస్తువును కనుగొన్నాడు’ అని మొదలుపెట్టాను. నాన్నగారు ‘కూలుతున్న ఇంట్లో’ అనమంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: మీకు కావలసిన మాట మీ ఉత్తరంలోనే ఉందమ్మా. నాకు చెప్పేటప్పుడు ‘పడగొడుతున్న ఇల్లు’ అన్నారు. దాన్నే ఉంచండి. ‘కూలుస్తున్న ఇల్లు’ అన్నా బాగుంటుంది.

నాన్నగారి మాట తప్పు కాదు కానీ, దానితో కథ మారిపోతుంది. కాలు–కాల్చు, రాలు–రాల్చు లాంటిదే కూలు–కూల్చు జంట. మొదటిది దానంతట అది జరిగేది, రెండోది ఎవరో చేసేది. ‘కూలుతున్న ఇంట్లో’ అంటే కప్పు మీద పడేలా ఉందన్నమాట. కుర్రాడు అందులోకి ఎందుకు వెళ్లాడా అని చదివేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ‘కూలుస్తున్న ఇంట్లో’ అంటే మేస్త్రీ, గడ్డపారలు, ముందే ఊడదీసి వాకిట్లో పేర్చిన తలుపులూ కిటికీలూ కళ్లముందుకొస్తాయి. మీ కథకు కావలసింది ఇదే.

ఇల్లు దేన్నీ కూల్చదు కదా, మరి ‘కూలుస్తున్న ఇల్లు’ ఎలా అవుతుందని చాలామంది సందేహపడి ‘బడు’ చేరుస్తారు. అక్కర్లేదు. ‘వండిన అమ్మ’ అంటాం, ‘వండిన అన్నం’ అనీ అంటాం. అన్నం వండదని అందరికీ తెలుసు కాబట్టి అర్థం చెడదు. మన భాషలో ఈ రూపం పనిచేసినవాళ్లకీ, ఆ పని జరిగిన వస్తువుకీ రెండింటికీ సరిపోతుంది. చిక్కల్లా ఇద్దరూ మనుషులైనప్పుడే. ‘కొట్టిన కుర్రాడు’ అంటే కొట్టింది అతనా, దెబ్బలు తిన్నది అతనా? అప్పుడు కూడా ‘కొట్టబడిన’ అనకుండా ‘మేస్త్రీ కొట్టిన కుర్రాడు’ అంటే సరిపోతుంది. ‘బడు’ను వ్యాకరణం ఒప్పుకుంటుంది, ఆఫీసు కాగితాల్లో చెల్లుతుంది. కథలో మాత్రం అది వాక్యాన్ని బిగదీస్తుంది.

‘కనుగొన్నాడు’ గురించి మీరు అడగలేదు గానీ, నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. వెతికి, శోధించి తెలుసుకున్నదాన్ని కనుగొంటాం. మట్టిలో కాలికి తగిలింది దొరుకుతుంది. ఉత్తరంలో మీరూ ‘కుర్రాడికి దొరుకుతుంది’ అనే రాశారు. ‘కుర్రాడికి’ అనడంలోనే అతను దానికోసం రాలేదన్న సంగతి తెలిసిపోతుంది.

‘ఒక’ రెండుసార్లు వద్దు, కుర్రాడి దగ్గర ఒకటి చాలు. ‘వింత’ కూడా ముందే చెప్పెయ్యకండి. ‘వస్తువేదో’ అంటే, అదేమిటో అతనికీ తెలియదని అర్థమైపోతుంది. నేనైతే ఇలా రాస్తాను: ‘మైలాపూరులో పడగొడుతున్న పాత ఇంట్లో ఒక కుర్రాడికి ఇత్తడి వస్తువేదో దొరికింది.’