ఓటీపీ పెట్టుకున్నా పేజీ ఎలా పోయింది?

ప్రశ్న: నా ఫ్రెండ్ ఫ్రీలాన్స్ డిజైనర్. తను నాకు పంపిన మెసేజ్ ఇది: "నా పోర్ట్‌ఫోలియో పేజీ పోయి మళ్లీ వచ్చిందే. ఎవరో కొత్త క్లయింట్ బ్రాండింగ్ పని ఉందని మెయిల్ పెట్టారు. జిప్ ఫైలూ, దాని పాస్‌వర్డూ అందులోనే ఉన్నాయి. బ్రీఫ్ మీద క్లిక్ చేస్తే ఏమీ తెరుచుకోలేదు. ఫైల్ పాడైందేమో అని వదిలేశా. సాయంత్రానికి పేజీ పేరు, ఫొటో మారిపోయాయి, అడ్మిన్‌గా నన్నే తీసేశారు. ఓటీపీ రాలేదు, హెచ్చరిక మెయిల్ ఒక్కటీ రాలేదు. ఐడీ కార్డు అప్‌లోడ్ చేసి వెంటపడితే చివరికి పేజీ తిరిగిచ్చారు. వెంటనే నా ల్యాప్‌టాప్‌లోనే పాస్‌వర్డ్ మార్చేశా. యాంటీవైరస్ స్కాన్ కూడా క్లీన్ అని వచ్చింది. ఇక టెన్షన్ లేదు." ఓటీపీ ఉన్నా ఇలా ఎలా జరిగింది? నిజంగానే ఇక భయం లేదా?

జవాబు: భయం పోలేదు. ముందు ఆ ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ ఆపేయమని ఆమెకు ఇప్పుడే చెప్పండి. నేను కింద చెప్పే పనులన్నీ ఫోన్‌లోనో, ఇంట్లో వేరేవాళ్ల కంప్యూటర్‌లోనో చేయాలి. 'బ్రీఫ్ తెరిచాను, ఏమీ రాలేదు, తర్వాత అకౌంట్ పోయింది' అనే ఉత్తరాలు డిజైనర్ల నుంచీ, వీడియో ఎడిటర్ల నుంచీ నాకు వస్తూనే ఉన్నాయి. ముక్కూమొహం తెలియనివాళ్ల ఫైళ్లు తెరవడమే వాళ్ల పని. అందుకే దొంగలు వాళ్లను ఎంచుకుంటున్నారు.

ఓటీపీ సంగతి ముందు చూద్దాం. పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ ఇచ్చి లోపలికి వెళ్లాక, ప్రతి క్లిక్‌కూ మళ్లీ అడగకుండా ఉండేందుకు వెబ్‌సైట్ మన బ్రౌజర్‌లో ఒక చిన్న కోడ్ ఉంచుతుంది. దాన్నే సెషన్ కుకీ అంటారు. ఆ కుకీ ఎవరి దగ్గరుంటే వాళ్లు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నట్టే లెక్క. దొంగ దాన్ని కాపీ చేసుకుని తన బ్రౌజర్‌లో పెట్టుకున్నాడు. లాగిన్ పేజీకి వెళ్లే అవసరమే రాలేదు కాబట్టి ఓటీపీ పంపాల్సిన సందర్భమూ రాలేదు. ఓటీపీకి బదులు, వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో లాగిన్ అయ్యే పాస్‌కీ ఉన్నా ఈ దాడిని ఆపేది కాదు. అంతమాత్రాన ఓటీపీ దండగని అనుకోవద్దు. పాస్‌వర్డ్ మాత్రమే దొరికిన దొంగను అది ఆపుతుంది. ఇక్కడ దొంగిలించింది పాస్‌వర్డ్ ఒక్కటే కాదు, ఆమె లాగిన్‌నే ఎత్తుకెళ్లారు.

ఆ పని చేసింది బ్రీఫ్ అనుకున్న ఫైలే. ఇలాంటి ఫైలు పేరు సాధారణంగా `Brand_Brief.pdf.scr` లాంటిది అయివుంటుంది. చివర ఉన్న `.scr` స్క్రీన్‌సేవర్‌కు గుర్తు. స్క్రీన్‌సేవర్ అంటే `.exe` లాగే పూర్తిస్థాయి ప్రోగ్రామ్, ఏ పనైనా చేయగలదు. కానీ ఆమె కంప్యూటర్‌లోని విండోస్ ఆ చివరి ముక్కను దాచేసి `Brand_Brief.pdf` అని చూపించి ఉంటుంది. పక్కన పీడీఎఫ్ బొమ్మను దొంగే అతికించి పంపుతాడు.

ఈ దాచే అలవాటు మీద నాకు ఎప్పటినుంచో కోపం. స్క్రీన్ మీద నాలుగు అక్షరాలు తగ్గించి అందంగా కనిపించాలని, ఒక ఫైలు చదవడానికా, నడపడానికా అన్నది చెప్పే ఒకే ఒక్క గుర్తును మాయం చేశారు. ఏళ్ల తరబడి జనం దీనివల్ల నష్టపోతున్నా, కొత్త కంప్యూటర్లలో ఇప్పటికీ అదే సెట్టింగ్ వస్తోంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో `View > Show > File name extensions` ఆన్ చేస్తే పూర్తి పేరు కనిపిస్తుంది. దీన్నీ పూర్తిగా నమ్మొద్దు. పేరు మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరాన్ని పెట్టి, తర్వాతి అక్షరాలు వెనక్కి తిరిగి కనిపించేలా చేసే ఎత్తు ఉంది. అప్పుడు `fdp.scr` అన్నది తెర మీద `rcs.pdf` అని కనిపిస్తుంది. అందుకే ఫైళ్లను `Details` పద్ధతిలో పెట్టి `Type` గడి చూడాలి. అక్కడ `Screen saver` అనో, `Application` అనో ఉంటే అది బ్రీఫ్ కాదు.

జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టింది గోప్యత కోసం కాదు. పాస్‌వర్డ్ ఉంటే మెయిల్ సర్వీసు లోపలికి తొంగిచూసి వైరస్ ఉందో లేదో తేల్చలేదు. ఇంకో గుర్తు కూడా ఉంది. జిప్ కొద్ది ఎంబీలే ఉండి, విప్పాక ఫైలు ఏడెనిమిది వందల ఎంబీలకు ఉబ్బుతుంది. స్కానర్లకు ఫైలు సైజు మీద పరిమితి ఉంటుంది కాబట్టి, ఫైలును సున్నాలతో నింపి పెంచుతారు. నలుగురూ వాడే వైరస్‌టోటల్ అనే స్కానింగ్ సైట్ కూడా 650 ఎంబీ దాటిన ఫైలును తీసుకోదు.

ఇక ఆ క్లీన్ స్కాన్. ఈ రకం ప్రోగ్రామ్‌లను ఇన్ఫోస్టీలర్లు అంటారు. వీటిలో చాలావరకు కంప్యూటర్‌లో కాపురం పెట్టవు. బ్రౌజర్లలోని కుకీలు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు, ఆటోఫిల్ వివరాలు, డెస్క్‌టాప్ మీది కొన్ని ఫైళ్లు మూటగట్టి పంపేసి, కాసేపట్లోనే తమను తాము చెరిపేసుకుంటాయి. దొంగ వెళ్లిపోయాక ఇల్లు వెతికితే ఎవరూ దొరకరు. కొన్ని మాత్రం వెళ్తూ వెళ్తూ మరో ప్రోగ్రామ్‌ను లోపల వదిలిపోతాయి. ఆమెకు వచ్చింది ఏ రకమో స్కాన్ చూసి తేల్చలేం. వదిలిపోయిన రకమైతే, అదే ల్యాప్‌టాప్‌లో పెట్టిన కొత్త పాస్‌వర్డ్ కూడా ఈపాటికి వాళ్లకు చేరి ఉంటుంది.

ఆమె మెసేజ్‌లో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది, హెచ్చరిక మెయిల్ ఒక్కటీ రాలేదన్న మాట. అడ్మిన్‌ను తీసేసినా, మెయిల్ ఐడీ మార్చినా ఇలాంటి సైట్లు మామూలుగా మెయిల్ పంపుతాయి. అది కనబడలేదంటే దొంగ ఆమె మెయిల్‌లోకి కూడా వెళ్లి ఉండొచ్చు. ఆమె మెయిల్ కుకీ కూడా అదే మూటలో పోయింది కదా. ఇలాంటి కేసుల్లో మెయిల్‌లో ఒక ఫిల్టర్ పెడతారు. ఆ సైట్ నుంచి వచ్చేవన్నీ చదివినట్టు గుర్తుపెట్టి చెత్తబుట్టలోకి పంపేయమని దానికి చెబుతారు. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ పోదు. మెయిల్స్‌ను వేరే అడ్రస్‌కు పంపే ఫార్వర్డింగ్ కూడా అంతే. పేజీ చేతికి వచ్చినా ఫిల్టర్ అలాగే ఉంటే, రెండోసారి దాడి జరిగినా ఆమెకు తెలియదు.

అందుకని మెయిల్‌తో మొదలుపెట్టాలి, పేజీతో కాదు. పేజీ పాస్‌వర్డ్ రీసెట్ చేసే లింకు మెయిల్‌కే వస్తుంది కాబట్టి, మెయిల్ దొంగ చేతిలో ఉన్నంతసేపూ పేజీ ఎన్నిసార్లు తిరిగొచ్చినా నిలవదు. ఫోన్‌లో మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచీ సైన్ అవుట్ చేయాలి. దొంగ దగ్గరున్న కుకీ కచ్చితంగా చచ్చేది ఈ సైన్ అవుట్‌తోనే. తర్వాత ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్, అనుమతి ఇచ్చిన యాప్‌లు ఒక్కొక్కటే చూడాలి. చెత్తబుట్టలో ఆ రోజు మెయిల్స్ ఇంకా మిగిలి ఉంటే దొంగ ఏమేం మార్చాడో వాటిలో దొరుకుతుంది. అవి చెరిపేయకుండా దాచుకోవాలి.

ఆ తర్వాతే పేజీ. అక్కడా పాస్‌వర్డ్ మార్చి అన్ని సెషన్లూ తెంచేయాలి. అడ్మిన్ల జాబితాను పేర్లు చూసి వదిలేయొద్దు, ఒక్కో ప్రొఫైల్ తెరిచి చూడాలి. ఆమె పేరుతోనే, ఆమె ఫొటోతోనే ఇంకో అకౌంట్‌ను కూర్చోబెట్టి ఉండొచ్చు. పేజీకి ప్రకటనల అకౌంట్ ఉంటే, దానికి కలిపిన కార్డు మీద ఏవైనా ఖర్చులు పడ్డాయేమో చూసుకోవాలి. ఇలాంటి పేజీలను ఎత్తుకెళ్లడంలో సగం ఆశ ఆ కార్డు మీదే.

పాస్‌వర్డ్ మార్చగానే పాత లాగిన్లన్నీ వాటంతటవే తెగిపోతాయని చాలామంది నమ్మకం. కొన్ని సైట్లలో అది నిజమే. కొన్నింటిలో 'ఇతర డివైజ్‌ల నుంచి కూడా లాగౌట్ చేయాలా?' అని ఒక చిన్న గడి వస్తుంది, తొందరలో దాన్ని వదిలేస్తాం. మరికొన్నింటిలో ఆ బటన్ ఎక్కడో నాలుగో మెనూ అడుగున ఉంటుంది. ఇల్లు దోచుకుపోయి వణికిపోతున్న మనిషి ఆ మెనూలన్నీ వెతకాలా? పాస్‌వర్డ్ మారిస్తే పాత సెషన్లన్నీ చావాలి, అడగకుండానే చావాలి. కుకీని ఆ కంప్యూటర్‌లోని సెక్యూరిటీ చిప్‌కే కట్టిపడేసి, ఇంకోచోట పనికిరాకుండా చేసే పద్ధతి కూడా వచ్చింది. దాన్ని అమలు చేసిన సైట్లు మాత్రం చాలా తక్కువ. నెలల తరబడి లాగిన్ అలాగే ఉంచడం సౌకర్యమని చెప్పుకునేవాళ్లు, ఆ సౌకర్యానికి కాపలా కూడా తామే పెట్టాలి.

ల్యాప్‌టాప్‌ను ఏం చేయాలంటారా? పని ఫైళ్లు మాత్రం బయట డిస్క్‌లోకి తీసుకుని, డ్రైవ్ మొత్తం చెరిపి ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేయాలి. ఆ జిప్‌ను, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోని ప్రోగ్రామ్‌లను కాపీ చేయొద్దు. బ్రౌజర్‌లో సేవ్ అయి ఉన్న ప్రతి పాస్‌వర్డ్ పోయిందనే లెక్కేసుకోవాలి. బ్యాంకు, క్లయింట్ల ఫైళ్లున్న క్లౌడ్ స్టోరేజ్, వెబ్‌సైట్ డొమైన్ కొన్న అకౌంట్ ముందు మార్చాలి, మిగతావి తర్వాత. ఈ మూటలను ఒకడు దొంగిలించి ఇంకొకడికి అమ్ముతాడు. అందుకే పేజీ పోయిన చాలా రోజుల తర్వాత వేరే అకౌంట్ మీద దాడి జరగొచ్చు. నెదర్లాండ్స్ పోలీసులు ఇతర దేశాలతో కలిసి 2024 అక్టోబర్‌లో రెడ్‌లైన్ అనే స్టీలర్ సర్వర్లను పట్టుకున్నారు. 2025 మే నెలలో లుమ్మా అనే మరో స్టీలర్ వాడిన దాదాపు 2,300 డొమైన్లను మైక్రోసాఫ్ట్ మూయించింది. అయినా ఈ వ్యాపారం ఆగలేదు, ఎందుకంటే ఇలాంటి ప్రోగ్రామ్‌లు నెలవారీ అద్దెకు దొరుకుతాయి.

అపరిచితుల ఫైళ్లు ముట్టుకోవద్దని ఒక డిజైనర్‌కు నేను చెప్పలేను. బ్రౌజర్‌లో ఇంకో ప్రొఫైల్ పెట్టుకుంటే చాలని కొందరు అంటారు. అది పనిచేయదు, స్టీలర్ అన్ని ప్రొఫైళ్లనూ ఊడ్చేస్తుంది. దానికి బదులు కంప్యూటర్‌లోనే అడ్మిన్ హక్కులు లేని రెండో యూజర్ అకౌంట్ తెరిచి, కొత్త క్లయింట్ల ఫైళ్లు అందులోనే చూడాలి. ఆ అకౌంట్‌లో మెయిల్‌కు గానీ, పేజీకి గానీ లాగిన్ కాకూడదు. అక్కడ నడిచిన ప్రోగ్రామ్ మామూలుగా మొదటి అకౌంట్‌లోని బ్రౌజర్ ఫైళ్లను అందుకోలేదు. బ్రీఫ్ తెరుస్తుంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగిందంటే అక్కడే మూసేయాలి, పీడీఎఫ్ చదవడానికి ఆ అనుమతి ఎప్పుడూ అక్కర్లేదు. జిప్ పంపినవాళ్లను, బ్రీఫ్‌ను బ్రౌజర్‌లోనే చూడగలిగే లింకుగా పంపమని అడగొచ్చు. నిజమైన క్లయింట్‌కు అది పెద్ద పని కాదు.

ఇంకొక్క పని ఇవాళే చేయమనండి. పాత క్లయింట్లందరికీ ఫోన్ చేసి, తన పేరుతో కొత్త బ్యాంకు అకౌంట్ నంబరు ఉన్న ఇన్‌వాయిస్ ఏదైనా వచ్చిందా అని అడగాలి, వస్తే డబ్బు పంపొద్దని చెప్పాలి. మెయిల్ చేస్తే సరిపోదు. ఆ మెయిల్ పెట్టెలో ఎవరున్నారో ఇంకా తేలలేదు.