నాలుగో బారులోనే ముగిసిపోతున్న ట్యూన్

"సి మేజర్‌లో ఎనిమిది బార్ల ట్యూన్ కట్టాను. నాలుగో బారులో జి7 నుంచి సి కార్డుకు వస్తాను, మెలడీ కూడా సి మీదే ఆగుతుంది. పాట అక్కడే అయిపోయినట్టుంది. ఏం మార్చాలి?"

మీరు నాలుగో బారులో వాడినది పూర్తి అథెంటిక్ కేడెన్స్. జి7లోని బి స్వరం అర మెట్టు పైకి సి కి చేరి, బాస్ కూడా జి నుంచి సి కి దిగి, మెలడీ సైతం అక్కడే నిలిస్తే చెవికి అది పూర్ణవిరామమే. దానిని ఎనిమిదో బారుకు దాచుకోండి.

నాలుగో బారును జి కార్డు మీదే ఆపి, మెలడీని డి లేదా బి మీద నిలపండి. ఇదే హాఫ్ కేడెన్స్. కామా దగ్గర ఆగినట్లు ఉంటుంది. ఇక్కడ జి7 కాక మామూలు జి వాడడమే మంచిది, ఎందుకంటే జి7లోని ఎఫ్ వెంటనే ఇ కి దిగాలని లాగుతూ ఆ విరామాన్ని నిలువనివ్వదు.

ట్యూన్‌ను మరో రెండు బార్లు పొడిగించాలనుకుంటే, ఎనిమిదో బారులో జి7 తర్వాత ఎ మైనర్ వేయండి. మెలడీ ఆశించిన సి కే చేరుతుంది, బాస్ మాత్రం ఎ కి పోతుంది; ఈ డిసెప్టివ్ కేడెన్స్ నాకెంతో ఇష్టం. ఎ మైనర్‌లో సి స్వరాన్ని రెట్టింపు చేస్తే సమాంతర పంచమాలు, అంటే రెండు స్వరాలు పంచమం దూరంలోనే కలిసి ఒకే దిశలో కదలడం, తప్పుతాయి. పదో బారులో అథెంటిక్ కేడెన్స్‌తో ముగించండి.

ఎఫ్ నుంచి సి కి వచ్చే ప్లేగల్ కేడెన్స్‌లో ఆ బి లాగుడు ఉండదు కనుక, క్రైస్తవ కీర్తనల చివరి "ఆమెన్"లో లాగా, అసలు ముగింపు అయ్యాకే చేర్చండి.