వ్యాకోచించిందా, వ్యాకోచించబోయిందా?

సందేహం: "రెండు దృఢమైన గోడల మధ్య బిగించిన కడ్డీని వేడిచేస్తే అది వ్యాకోచించి ఉష్ణ ప్రతిబలం కలుగుతుంది" అని మా పాఠంలో ఉంది. ఈ వాక్యంలో తప్పేమైనా ఉందా? – ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: కడ్డీ వ్యాకోచించడం, ప్రతిబలం కలగడం – కర్తలు రెండు కాబట్టి "వ్యాకోచించి" అనే క్త్వార్థకం చెల్లదని కొందరంటారు. "వాన పడి చెరువు నిండింది" అని అందరం అంటూనే ఉన్నాం, ఆ గొడవ వదిలేద్దాం. నా తగాదా వేరు. క్త్వార్థకం వాడితే ముందు పని జరిగిపోయినట్టు లెక్క. ఇక్కడ ఆ పనే జరగలేదు.

మీటరు పొడవు, రెండు సెంటీమీటర్ల మందం ఉన్న చదరపు ఉక్కు కడ్డీని తీసుకోండి. 30 డిగ్రీలు వేడెక్కితే, అడ్డు లేనప్పుడు 0.36 మిల్లీమీటర్లు సాగుతుంది. గోడలు కదలవు కాబట్టి ఆ కాస్తా సాగనివ్వకుండా నొక్కిపెడతాయి. ఆ నొక్కుడుకు కడ్డీలో పుట్టేదే సంపీడన ప్రతిబలం: σ = EαΔT. ఉక్కుకు యంగ్ గుణకం E సుమారు 200 గిగాపాస్కల్స్, వ్యాకోచ గుణకం α డిగ్రీకి 12×10⁻⁶, పెరిగిన వేడి ΔT 30 డిగ్రీలు. లెక్క కడితే 72 మెగాపాస్కల్స్. అంటే గోడ మీద దాదాపు మూడు టన్నుల బరువంత తోపు. పొడవు ఈ సూత్రంలో లేనే లేదు. కడ్డీ పొడవు రెట్టింపైనా ప్రతిబలం అంతే.

పొడవు మారకపోతే వికృతి సున్నా, మరి ప్రతిబలం ఎక్కడిదని పిల్లలు అడుగుతారు. తప్పు పిల్లలది కాదు, "వ్యాకోచించి" అని రాసినవారిది. వేడి ఇవ్వబోయిన వికృతిని గోడల నొక్కుడు రద్దుచేసింది. మొత్తం సున్నా అయినా నొక్కుడు మిగిలే ఉంది. దీనికి తెలుగులో చక్కని సాధనం "బోవు". "చెప్పబోయి ఆగాడు" అంటే నోరు తెరిచాడు, మాట మాత్రం బయటికి రాలేదు. కడ్డీ సంగతీ అంతే, వ్యాకోచించబోయింది. ఒక్క క్రియలో ప్రయత్నం, ఆటంకం రెండూ వచ్చాయి. ఇంత వీలున్నా "వ్యాకోచమునకు అవరోధము కల్పించబడుట చేత" అని రాసే పుస్తకాలున్నాయి!

వ్యాకోచం సంస్కృతంలో పూలు విచ్చుకోవడానికి చెప్పే మాట. ఈ కడ్డీ పొడవునా విచ్చుకోలేదు గానీ, పక్కలకు అడ్డు లేదు కాబట్టి అటు మామూలుకన్నా కొంచెం ఎక్కువే లావెక్కుతుంది.

మీ పాఠంలోని వాక్యం ఒప్పయ్యే సందర్భమూ ఉంది. కడ్డీకీ గోడకీ మధ్య 0.2 మిల్లీమీటర్ల సందు ఉంటే, కడ్డీ అంతమేరకు నిజంగా వ్యాకోచించి గోడను తాకుతుంది. మిగిలిన 0.16కే ప్రతిబలం, అది 32 మెగాపాస్కల్స్. మందం ఒక సెంటీమీటరే అయితే కథ మారుతుంది: చివరలు గట్టిగా బిగించినా, 30 డిగ్రీలు పెరగకముందే కడ్డీ పక్కకు వంగిపోతుంది. అప్పుడు పై సూత్రం వర్తించదు.

సందు లేదని పాఠంలో స్పష్టంగా ఉంటే "వ్యాకోచించబోయి" అని దిద్దండి. లేదంటే, మనసొప్పకపోయినా, ఉన్నది ఉండనివ్వవచ్చు.